సెక్షన్ల మార్కులను బాక్స్ ప్లాట్‌లో పక్కపక్కన పోల్చడం: గీసే పద్ధతి, పెట్టె వెనుక దాగేవి

హనుమకొండలో జరిగిన స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మూడు సెక్షన్ల లెక్కల మార్కులను ఒకే బొమ్మగా చూపించాను. అప్పటినుంచి కాజీపేట, పరకాల, నర్సంపేట వైపు పనిచేస్తున్న తోటి ఉపాధ్యాయులు ఒకటే అడుగుతున్నారు: ఆ పెట్టెలు ఎలా గీయాలి, వాటిని ఎంతవరకు నమ్మాలి? మొదటి ప్రశ్నకు అరగంట చాలు. రెండో ప్రశ్న దగ్గరే నేను ఒకసారి తప్పటడుగు వేశాను కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఉదాహరణకు తొమ్మిదో తరగతి మూడు సెక్షన్లు, 50 మార్కుల పరీక్ష తీసుకుందాం. అంకెలు వివరణ కోసం నేను పేర్చినవి. ఆకారాలు మాత్రం మా బడిలో చూసినవే.

- ఎ సెక్షన్ (21 మంది): 12, 15, 17, 18, 19, 20, 22, 24, 25, 26, 27, 28, 29, 30, 32, 34, 35, 37, 39, 41, 44
- బి సెక్షన్ (21 మంది): 12, 17, 18, 18, 19, 20, 20, 20, 21, 21, 27, 33, 33, 34, 34, 34, 35, 35, 36, 38, 44
- సి సెక్షన్ (9 మంది, ఏడాది మధ్యలో చేరినవారు): 12, 22, 24, 26, 29, 30, 31, 33, 38

ఈ వరుసలను ఇప్పుడే పోల్చి చూడకండి. ముందు పెట్టెలు గీద్దాం.

## 1. గీయడానికి ముందు పట్టికను సరిచేయండి

బొమ్మలో కనిపించే తప్పుల్లో ఎక్కువ భాగం మార్కుల రిజిస్టరు నుంచే వస్తాయి. పెన్సిలు పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

- అన్ని సెక్షన్లకూ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చారా? పత్రాలు వేరైతే మార్కులను శాతాల్లోకి మార్చినా పోలిక నిలవదు. సులువైన పత్రం రాసిన సెక్షన్ పెట్టె పైకి లేస్తుంది, అంతే.
- గైర్హాజరైనవారి గడి ఖాళీగా ఉందా? అక్కడ సున్నా వేయకూడదు.
- ప్రతి మార్కు పక్కన రోల్ నంబరు ఉందా? చివర్లో ఇది అవసరమవుతుంది.
- ఒక్కో సెక్షన్‌లో పరీక్ష రాసినవారు ఎంతమందో విడిగా రాసుకున్నారా?

సున్నా విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ అది చేసే హాని పెద్దది. ఎలాగో ఎనిమిదో అంచెలో సి సెక్షన్ మీదే చూపిస్తాను.

## 2. ఐదు అంకెలు తీయండి

ఒక్కో సెక్షన్ మార్కులను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా రాయండి. ఆ వరుసలోంచి ఐదు అంకెలు కావాలి: అన్నిటికన్నా తక్కువ మార్కు, పావు గుర్తు, మధ్యగతం, ముప్పావు గుర్తు, అన్నిటికన్నా ఎక్కువ మార్కు.

పావు గుర్తు ఎన్నో స్థానంలో ఉందో తెలియాలంటే పిల్లల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, నాలుగుతో భాగించి, ఒకటి కలపండి. 21 మందికి 20ని 4తో భాగిస్తే 5, ఒకటి కలిపితే ఆరో స్థానం. కింది నుంచి ఆరో మార్కు పావు గుర్తు, పై నుంచి ఆరో మార్కు ముప్పావు గుర్తు, నడుమ ఉన్న పదకొండోది మధ్యగతం. ఎ సెక్షన్‌కు ఇవి వరుసగా 20, 34, 27.

లెక్క నిండుగా తేలకపోతే కంగారు పడనక్కర్లేదు. 34 మంది ఉంటే స్థానం 9.25 వస్తుంది. తొమ్మిదో మార్కు తీసుకుని, తొమ్మిదికి పదికి మధ్య ఉన్న తేడాలో పావు వంతు దానికి కలపండి.

మూడు సెక్షన్లకూ ఇలా చేస్తే:

- ఎ: 12, 20, 27, 34, 44
- బి: 12, 20, 27, 34, 44
- సి: 12, 24, 29, 31, 38

ఎ, బి ఐదుకు ఐదూ ఒకటే. సగటు తీసినా ఎ సెక్షన్‌కు 27.3, బి సెక్షన్‌కు 27.1 వస్తుంది.

## 3. మీసాలు ఎక్కడ ఆపాలో తేల్చండి

పావు గుర్తు నుంచి ముప్పావు గుర్తు వరకు పెట్టె. దాని పైనా కిందా గీసే గీతలే మీసాలు. వీటిని ప్రతిసారీ చివరి మార్కు దాకా లాగరు. వాడుకలో ఉన్న నియమం ప్రకారం పెట్టె ఎత్తును ఒకటిన్నరతో హెచ్చించి, అంత దూరం పైకీ కిందికీ ఒక హద్దు పెట్టుకోవాలి. హద్దు లోపల ఉన్న చివరి పిల్లవాడి మార్కు దగ్గర మీసం ఆగుతుంది. హద్దు దాటినవారిని విడి చుక్కలుగా పెడతాం.

సి సెక్షన్‌లో పెట్టె 24 నుంచి 31 వరకు, ఎత్తు 7. ఒకటిన్నర రెట్లు 10.5. కింది హద్దు 13.5, పై హద్దు 41.5. 12 తెచ్చుకున్న పిల్లవాడు కింది హద్దు దాటాడు కాబట్టి విడి చుక్క అవుతాడు. కింది మీసం 22 దగ్గర ఆగుతుంది, పైది 38 దాకా వెళ్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడేది, మీసాన్ని హద్దు దాకా అంటే 13.5 దాకా గీయడం. ఆ మార్కు ఎవరికీ రాలేదు. మీసం చివర ఎప్పుడూ నిజంగా వచ్చిన మార్కే ఉండాలి.

ఎ, బి సెక్షన్లలో పెట్టె ఎత్తు 14, హద్దులు −1, 55. ఎవరూ దాటరు.

## 4. గీయండి

గ్రాఫ్ కాగితం మీద నిలువు అక్షానికి 5 మార్కులకు 2 సెంటీమీటర్ల చొప్పున తీసుకోండి. 50 మార్కులకు 20 సెంటీమీటర్లు, ఒక్కో మార్కుకు 4 మిల్లీమీటర్లు. తరవాత చుక్కలు పెట్టడానికి ఈ మాత్రం చోటు కావాలి. మూడు సెక్షన్లకూ ఒకే అక్షం వాడండి, అది 0 నుంచి 50 దాకా పూర్తిగా ఉండాలి. విడివిడి కాగితాల మీద విడివిడి కొలతలతో గీసిన పెట్టెలను పక్కన పెట్టి చూస్తే కన్ను మోసపోతుంది.

ఎక్సెల్ 2016, ఆ తరవాతి వాటిలో ఈ బొమ్మ సిద్ధంగానే ఉంది. మొదటి నిలువు వరుసలో సెక్షన్ పేరు, రెండోదానిలో మార్కు పెట్టి, రెండిటినీ ఎంచుకుని `Insert`, `Insert Statistic Chart`, `Box and Whisker` నొక్కండి. ఐదు అంకెలు మీరు తీసి ఇవ్వనక్కర్లేదు. మార్కులన్నీ ఉన్నవి ఉన్నట్టు ఇవ్వాలి.

పెట్టె మీద నొక్కి `Format Data Series` తెరిస్తే `Quartile Calculation` అని ఒక అమరిక ఉంటుంది. దాన్ని `Inclusive median`కు మార్చండి. మనం చేత్తో చేసిన లెక్కకు సరిపోయేది అదే. ముందుగా అమర్చి ఉండేది `Exclusive median`, దాని లెక్క వేరు.

ఆ తేడా ఎంతో సి సెక్షన్‌లోనే కనిపిస్తుంది. `Exclusive median` వాడితే పావు గుర్తు 23, ముప్పావు గుర్తు 32 అవుతాయి. పెట్టె ఎత్తు 9, కింది హద్దు 9.5. ఇప్పుడు 12 తెచ్చుకున్న పిల్లవాడు హద్దు లోపలికి వచ్చేశాడు. విడి చుక్క మాయమై, మీసం 12 దాకా సాగుతుంది. పిల్లవాడు అతడే, మార్కూ అదే, మారింది అమరిక ఒక్కటే. అందుకే ఏ లెక్క వాడారో బొమ్మ కింద రాయండి, మూడు సెక్షన్లకూ, ఏడాదంతా అదే వాడండి.

## 5. పెట్టెను సరిగ్గా చదవండి

పెట్టెలో రెండు భాగాలు, బయట రెండు మీసాలు. విడి చుక్కలు లేనప్పుడు ఈ నాలుగింటిలో ఒక్కోదానిలో దాదాపు పావు వంతు పిల్లలు ఉంటారు. పొడవుతో దీనికి సంబంధం లేదు.

సమావేశాల్లో నేను తరచూ వినే మాట, "పై మీసం పొడవుగా ఉంది, అంటే అక్కడ ఎక్కువమంది ఉన్నారు" అని. ఇది తలకిందులు. భాగం పొడవుగా ఉంటే అక్కడ పిల్లలు పలచగా పరుచుకున్నారని అర్థం, పొట్టిగా ఉంటే ఒకరినొకరు ఆనుకుని ఉన్నారని. సి సెక్షన్‌లో 29 నుంచి 31 వరకు ఉన్న సన్నటి పట్టీని చూడండి. అందులో 29, 30, 31 అని ముగ్గురు వరుసగా ఉన్నారు.

ఇంత చదివాక బొమ్మ ఏం చెబుతోంది? ఎ, బి సెక్షన్లు అచ్చంగా ఒకటే. సి సెక్షన్ కాస్త మెరుగు, పిల్లల మధ్య తేడాలూ తక్కువ. ఒకప్పుడు ఇలాంటి బొమ్మే చూసి రెండు సెక్షన్లలో వెనుకబడినవారికీ ఒకే ప్రత్యేక తరగతి పెట్టాను. ఒక సెక్షన్‌కు అది పనికొచ్చింది. రెండోదానిలో సగంమందికి తెలిసిన లెక్కలే మళ్లీ చెప్పాను, మిగతా సగానికి అందనివి చెప్పాను.

## 6. మొదటి దాపరికం: నడుమ ఖాళీ

ఇప్పుడు ఎ, బి వరుసలను మళ్లీ చూడండి.

ఎ సెక్షన్‌లో 22 నుంచి 32 మార్కుల మధ్య తొమ్మిదిమంది ఉన్నారు. 27 స్థాయికి పాఠం చెబితే వాళ్లందరికీ అందుతుంది. బి సెక్షన్‌లో అదే మేరలో ఉన్నది ఒకే ఒక్క అమ్మాయి. ఆమె మార్కు 27. ఆమెకు కింద పదిమంది 21 దగ్గర ఆగిపోయారు, పైన పదిమంది 33 నుంచి మొదలయ్యారు. అటు ఆరు మార్కుల దూరం, ఇటు ఆరు మార్కుల దూరం. పెట్టెకు సరిగ్గా నడుమ మనం గీసిన లావుపాటి గీత ఆ ఒక్క అమ్మాయిది. తరగతి చూస్తే రెండు గుంపులు.

పెట్టెకు ఇది ఎందుకు కనపడదు? పెట్టె అడిగేది ఆరో మార్కు, పదకొండో మార్కు, పదహారో మార్కు ఎంత అని మాత్రమే. ఆ గుర్తుల మధ్య ఉన్నవారు ఎటు జరిగినా, గుర్తు దాటనంతవరకు బొమ్మ కదలదు. బి సెక్షన్‌లో పావు గుర్తు పైన ఉన్న నలుగురూ 20, 21 దగ్గర కుదురుకున్నా, 22 నుంచి 26 దాకా పరుచుకున్నా పెట్టెకు ఒకటే.

"మేం పదేసి మార్కుల తరగతులు చేసి పట్టిక వేస్తాం, అందులో తెలిసిపోతుంది" అని ఒక మిత్రుడు అన్నారు. వేసి చూద్దాం. బి సెక్షన్‌లో 10–19 మధ్య ఐదుగురు, 20–29 మధ్య ఆరుగురు, 30–39 మధ్య తొమ్మిదిమంది, 40 పైన ఒకరు. ఖాళీ ఎక్కడా కనపడదు. 20, 21 తెచ్చుకున్నవారు 27తో కలిసి ఒకే గడిలో పడ్డారు. పట్టికా దాచేసింది.

చుక్కలు పెట్టి చూశాక ఖాళీ కనిపిస్తే వెంటనే ముగింపుకు రావద్దు. 21 మందిలో చిన్న ఎడం ఊరికే కూడా ఏర్పడుతుంది. రెండు గుంపుల జవాబుపత్రాలు తీసి ప్రశ్నల వారీగా పక్కపక్కన పెట్టండి. మా దగ్గర కింది గుంపువారు కారణాంక విభజన, సమీకరణాల సాధన బాగానే చేశారు. వాక్యాల రూపంలో ఇచ్చిన సమస్యలను మాత్రం వరుసగా ఖాళీగా వదిలేశారు. వాళ్లలో చాలామంది అప్పుడే తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లీషు మాధ్యమానికి మారినవారు. లెక్క వచ్చు, ప్రశ్న చదివితే అర్థం కాలేదు. ఆ పిల్లలకు కావలసింది మళ్లీ లెక్కల పాఠం కాదు, ప్రశ్నను తమ మాటల్లో చెప్పుకునే సాధన.

## 7. రెండో దాపరికం: పిల్లల సంఖ్య

సి సెక్షన్ పెట్టె ఎ సెక్షన్ పెట్టె పక్కన అంతే వెడల్పుతో, అంతే ధీమాగా నిలబడుతుంది. అందులో ఉన్నది తొమ్మిదిమందే అని పెట్టె చెప్పదు.

తొమ్మిదిమందిలో ఒక్కొక్కరి బరువు ఎంతో ఇలా పరీక్షించండి. 30, 31 తెచ్చుకున్న ఇద్దరూ ఆ రోజు బడికి రాలేదనుకోండి. మిగిలినవి 12, 22, 24, 26, 29, 33, 38. మధ్యగతం 29 నుంచి 26కు పడిపోతుంది. ఎ, బి కన్నా మెరుగు అనిపించిన సెక్షన్ వాటికన్నా వెనక్కి వెళ్లింది. ఇద్దరి హాజరుతో తారుమారయ్యే తేడాను సెక్షన్ల మధ్య తేడా అనకూడదు.

దీనికి రెండు మందులు. ఒకటి, ప్రతి పెట్టె కింద సంఖ్య రాయండి: "ఎ, 21 మంది", "సి, 9 మంది". రెండు, పెట్టె వెడల్పును పిల్లల సంఖ్య వర్గమూలానికి తగినట్టు పెట్టండి. 21కి వర్గమూలం సుమారు 4.6, 9కి 3. గ్రాఫ్ కాగితం మీద ఎ, బి పెట్టెలు 2.3 సెంటీమీటర్లు, సి పెట్టె 1.5 సెంటీమీటర్లు వెడల్పు ఉంటే చాలు. సన్నటి పెట్టెను చూడగానే కన్ను తనంతట తానే జాగ్రత్త పడుతుంది.

పదిమందికన్నా తక్కువ ఉన్న సెక్షన్‌కు నేనైతే పెట్టె గీయను. తొమ్మిది చుక్కలు పెట్టి, మధ్యగతం దగ్గర ఒక అడ్డగీత గీస్తాను. తొమ్మిది మార్కులను ఐదు అంకెలుగా కుదించి సాధించేది ఏమీ లేదు.

## 8. పెట్టె మీద చుక్కలు పెట్టండి, చేసిన తప్పులు దిద్దండి

చేత్తో గీసేటప్పుడు పెట్టెను పెన్సిలుతో పలచగా గీసి, ఒక్కో పిల్లవాడికి ఒక్కో చుక్క పెన్నుతో పెట్టండి. ఒకే మార్కు ఇద్దరికి వస్తే రెండో చుక్క పక్కన పెట్టాలి, పైన కాదు. బి సెక్షన్‌లో 20 దగ్గర మూడు చుక్కలు అడ్డంగా వరుసగా వస్తాయి.

ఎక్సెల్‌లో `Show inner points` అనే గడిలో టిక్కు పెడితే చుక్కలు వస్తాయి. అయితే అవన్నీ ఒకే నిలువు గీత మీద పడతాయి. ఒకే మార్కు వచ్చినవారు ఒకరి వెనక ఒకరు దాగిపోతారు. బి సెక్షన్‌లో 21 మంది ఉన్నా వేర్వేరు మార్కులు 13 మాత్రమే. నడుమ ఖాళీ తెలుసుకోవడానికి ఇది సరిపోతుంది, గుంపులో ఎందరున్నారో తెలియడానికి సరిపోదు.

ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారికి పని ఇంకా తేలిక. `marks.csv`లో `section`, `marks` అనే రెండు నిలువు వరుసలు ఉంటే చాలు:

```r
d <- read.csv("marks.csv")
boxplot(marks ~ section, data = d, varwidth = TRUE,
        outline = FALSE, ylim = c(0, 50))
stripchart(marks ~ section, data = d, vertical = TRUE,
           method = "jitter", jitter = 0.12,
           pch = 16, add = TRUE)
```

`varwidth = TRUE` అంటే పైన చెప్పిన వర్గమూలం వెడల్పే. `method = "jitter"` చుక్కలను అటూ ఇటూ కొద్దిగా జరుపుతుంది, మార్కును కదిలించదు. `outline = FALSE` పెట్టకపోతే విడి చుక్కలు రెండుసార్లు పడి, 12 తెచ్చుకున్నవారు ఇద్దరున్నట్టు కనిపిస్తుంది.

బొమ్మ తేడాగా ఉంటే ముందు సున్నాలను వెతకండి. సి సెక్షన్‌లో పదో విద్యార్థి ఒకరు పరీక్షకు రాలేదనుకుందాం. రిజిస్టరులో ఎవరో 0 వేశారు. ఇప్పుడు పావు గుర్తు 22.5, ముప్పావు గుర్తు 30.75, కింది హద్దు సుమారు 10.1. సున్నా విడి చుక్క అయింది. 12 మాత్రం హద్దు లోపలికి వచ్చి మీసంలో కలిసిపోయింది. పరీక్షే రాయని పిల్లవాడి మీద అందరి చూపు పడింది, నిజంగా సాయం కావలసిన పిల్లవాడు కనుమరుగయ్యాడు.

విడి చుక్క విషయంలో మరో పొరపాటు కూడా ఉంది. దాన్ని తప్పుడు అంకె అనుకుని పట్టికలోంచి తీసేయడం. ముందు జవాబుపత్రం తీసి మార్కులు మళ్లీ కూడండి. కూడికలో తప్పుంటే దిద్దండి. తప్పు లేకపోతే ఆ చుక్క ఒక పిల్లవాడు, అక్కడే ఉండాలి.

బొమ్మను నలుగురికీ చూపించే ముందు ఒకసారి:

- నిలువు అక్షం అన్నిటికీ ఒకటేనా, 0 నుంచి 50 దాకా ఉందా?
- ప్రతి పెట్టె కింద పిల్లల సంఖ్య ఉందా?
- పావు గుర్తు ఏ పద్ధతిలో లెక్కించారో రాశారా?
- చుక్కలు లెక్కపెడితే హాజరు సంఖ్యకు సరిపోయాయా?
- ఉత్తీర్ణతా గీత గీశారా? 35 శాతం అంటే ఇక్కడ 17.5. ఆ గీత కింద ఎ సెక్షన్‌లో ముగ్గురు, బిలో ఇద్దరు, సిలో ఒకరు. పెట్టెలు మాత్రమే ఉంటే ఈ లెక్క చెప్పలేం.

## 9. రెండో పరీక్షకు పెట్టెలు చాలవు

ప్రత్యేక తరగతులు పెట్టాక మళ్లీ పరీక్ష పెడతాం, మళ్లీ పెట్టె గీస్తాం. రెండు పెట్టెలూ ఒకేలా ఉంటే శ్రమ వృథా అయిందని నిరుత్సాహపడతాం. కానీ కింది గుంపులో నలుగురు పైకెక్కి, పై గుంపులో నలుగురు కిందికి జారినా పెట్టె అలాగే ఉండొచ్చు. ఎవరు ఎటు కదిలారో దానికి తెలియదు.

మొదట రాసుకున్న రోల్ నంబర్లు ఇక్కడ అక్కరకొస్తాయి. కాగితం మీద రెండు నిలువు గీతలు గీయండి. ఎడమదాని మీద మొదటి పరీక్ష మార్కులు, కుడిదాని మీద రెండో పరీక్ష మార్కులు చుక్కలుగా పెట్టి, ఒక్కో పిల్లవాడి రెండు చుక్కలను సన్నటి గీతతో కలపండి. పైకి వెళ్లే గీతలకు ఒక రంగు, కిందికి వచ్చేవాటికి ఇంకో రంగు వాడండి. బి సెక్షన్‌లో ముందుగా చూడవలసినవి 17 నుంచి 21 వరకు మొదలయ్యే తొమ్మిది గీతలు. వాటి పక్కన రోల్ నంబర్లు రాసి, పైకి వెళ్లనివారి జవాబుపత్రాల్లో వాక్య సమస్యల పేజీని మళ్లీ తెరవండి.